సబ్మిట్ నొక్కేముందు కాగితం ఇంటికి పంపండి

అనకాపల్లి జిల్లాలో పదో తరగతి నామినల్ రోల్స్‌ను హెడ్మాస్టర్లే ఆన్‌లైన్‌లో పంపుతారు. బడిలో చేరిన రోజు దొర్లిన తప్పు అక్కడ పట్టుకోకపోతే నేరుగా మార్కుల మెమోలోకి ఎక్కుతుంది. తల్లి పేరు అడ్మిషన్ రిజిస్టర్‌లో LAKSHMI, నామినల్ రోల్‌లో LAXMI అని ఉంటే చెవికి తేడా తెలియదు; రేపు పాస్‌పోర్టుకో ఉద్యోగానికో కాగితాలు సరిచూసేవారికి మాత్రం ఇద్దరు మనుషులు. కవల పిల్లలుంటే ఫొటోలు తారుమారయ్యే ప్రమాదమూ ఉంది. మెమో వచ్చాక దిద్దించాలంటే బడి నుంచి డీఈవో ఆఫీసుకు, అక్కడి నుంచి పరీక్షల విభాగానికి ఫైలు నడవాలి. అందుకే హెడ్మాస్టర్లు ముందే ప్రింటు తీసి ఇంటికి పంపాలి. చదువురాని తల్లిదండ్రులనైతే బడికి పిలిచి, ఒక్కో అక్షరం చదివి వినిపించి, ఫొటో చూపించి, ఆ తర్వాతే సంతకమో వేలిముద్రో తీసుకోవాలి.