కళ్ళె డబ్బాలు డిప్లొమాకి, కుర్చీ డిగ్రీకా?

మన పేటల్లో ఇంటర్ పాసైన ఆడపిల్లని ఏం చదువుతున్నావమ్మా అని అడిగితే, ఎక్కువమంది నోట వచ్చే మాటలు రెండు. ఒకటి నర్సింగు, రెండోది ల్యాబ్ టెక్నీషియన్. ఘంటసాల అయినా నాగాయలంక అయినా గుడివాడ పక్క పల్లెలైనా ఇదే వరస. కారణం అందరికీ తెలిసిందే. రెండేళ్ళలో చేతికి సర్టిఫికెట్టు వస్తుంది. డిగ్రీ అంటే మూడు నాలుగేళ్ళు, బెజవాడో గుంటూరో వెళ్ళాలి, హాస్టలు ఖర్చు పెట్టాలి. కూలికి పోయే ఇంట్లో ఆ తేడా చిన్నది కాదు. అందుకే మన పిల్లలు డి.ఎం.ఎల్.టి. డిప్లొమా దగ్గర ఆగుతున్నారు. ఇంకొంతమంది ఇంటర్ వొకేషనల్‌లోనే ఎం.ఎల్.టి. చదివి అక్కడితో ఆగుతున్నారు.

చదువు అయ్యాక వీళ్ళకి ప్రైవేటు ఆసుపత్రిలో ఏం జరుగుతోంది? బి.ఎస్సీ. ఎం.ఎల్.టి. చదివినవాళ్ళని టెక్నాలజిస్టు అంటారు, మెషిను ముందు కుర్చీ వేస్తారు. డిప్లొమావాళ్ళని టెక్నీషియన్ అంటారు. వార్డులన్నీ తిరిగి రక్తం తియ్యడం, మూత్రం సీసాలు, మలం డబ్బాలు, కళ్ళె డబ్బాలు మొయ్యడం, రాత్రి డ్యూటీ వీళ్ళ వంతు. జీతం మాత్రం తక్కువ. రాత్రిపూట మెషిను దగ్గర ఎవరూ లేనప్పుడు ఆ మెషిను నడిపేది కూడా ఈ డిప్లొమా పిల్లే. అప్పుడు చదువు చాలదన్న మాట ఎవరికీ గుర్తుకు రాదు. మురికి పని ఎవరిది, శుభ్రమైన కుర్చీ ఎవరిది అనే లెక్క మన తాతల నాటిది. దానికి ఇప్పుడు తెల్లకోటు తొడిగారు, అంతే.

చదువులో తేడా లేదని మేం అనడం లేదు. డిగ్రీలో పాఠం లోతుగా ఉంటుంది, పై చదువుకి దారి ఉంటుంది. మా ప్రశ్న వేరే. ఒకే బెంచి మీద ఒకే పరీక్ష చేసినప్పుడు ఆ తేడా ఎక్కడ కనబడుతోంది?

మన దివిసీమ సంగతే చూడండి. 2018 ఆగస్టులో పాముకాట్లు పెరిగి అవనిగడ్డ ఆసుపత్రికి జనం వరస కట్టారు. మోపిదేవిలో యాగం కూడా జరిగింది. మనిషి ప్రాణం నిలబడేది మాత్రం మందుతో. రక్తపింజర కాటేసిందా, విషం రక్తంలో పని చేస్తోందా అని డాక్టరుకి చెప్పే పరీక్షకి పెద్ద మెషిను అక్కర్లేదు. పొడిగా శుభ్రంగా ఉన్న కొత్త గాజు గొట్టంలో అప్పుడే తీసిన రక్తం రెండు మిల్లీలీటర్లు పోస్తారు. ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. తర్వాత గొట్టాన్ని ఒకసారి వంచుతారు. గడ్డ కట్టకుండా నీళ్ళలా జారితే విషం రక్తాన్ని పట్టిందని అర్థం. ఇందులో తప్పు జరిగే చోట్లు చిన్నవి. ప్లాస్టిక్ గొట్టం వాడితే ఫలితాన్ని నమ్మలేం. సబ్బుపొడితో కడిగిన పాత గొట్టం వాడినా అంతే. పది నిమిషాలకే ఆగలేక ఊపి చూసినా చెడుతుంది. తాచు, కట్లపాము కాటుకి ఈ పరీక్ష పనికిరాదు. అవి నరాల మీద పని చేస్తాయి, రక్తం మామూలుగానే గడ్డ కడుతుంది. ఇవన్నీ డిప్లొమా చదివినవాళ్ళకీ తెలుసు, డిగ్రీ చదివినవాళ్ళకీ తెలుసు. తెలియనిది ఎవరికంటే, ఏ చదువూ లేకుండా తక్కువ జీతానికి ల్యాబులో కూర్చోబెట్టిన కుర్రాడికి. ఆసుపత్రికి నిజంగా రోగి మీద దయ ఉంటే గీత గియ్యాల్సింది అక్కడ.

చట్టం ఏమంటోంది? 2021లో పార్లమెంటు అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. అందులో అలైడ్ హెల్త్ ప్రొఫెషనల్ అంటే ఎవరో రాశారు. డిప్లొమా గానీ డిగ్రీ గానీ ఉండాలి. ఆ చదువు రెండు నుంచి నాలుగేళ్ళలో 2000 గంటలకి తగ్గకూడదు. టెక్నీషియన్, టెక్నాలజిస్టు రెండు మాటలూ ఒకే వాక్యంలో ఉన్నాయి. రిపోర్టు మీద సంతకం సంగతీ అంతే. 2017 డిసెంబరులో గుజరాత్ ల్యాబుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పాథాలజీలో పీజీ చేసిన రిజిస్టర్డ్ డాక్టరే రిపోర్టు మీద సంతకం చెయ్యాలంది. ఆ గీతకి డిప్లొమావాళ్ళూ డిగ్రీవాళ్ళూ ఇద్దరూ ఇవతలే ఉన్నారు.

సర్కారు ఉద్యోగం దగ్గరా ఇద్దరికీ తలుపు ఒకటే. కోవిడ్ వచ్చిన 2020 నుంచి మన రాష్ట్రంలో జిల్లా వైద్యాధికారులు ల్యాబ్ టెక్నీషియన్ గ్రేడ్-2 పోస్టులకి నోటిఫికేషన్లు వేశారు. వాటిలో అర్హత డి.ఎం.ఎల్.టి. లేదా బి.ఎస్సీ. ఎం.ఎల్.టి. అని ఉంది. 'లేదా' అన్న ఆ ఒక్క ముక్క మన పిల్లలకి పెద్ద ఆసరా. దాని పక్కనే ఇంకో షరతు ఉంది: పారామెడికల్ బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. ఈ బోర్డు 2006 చట్టంతో వచ్చింది. రిజిస్ట్రేషన్ లేకపోతే డిస్టింక్షన్ వచ్చినా అప్లికేషన్ పక్కన పడేస్తారు.

మార్కులు ఎలా వేశారో ఒక లెక్క చెబుతాం, శ్రద్ధగా చదవండి. మొత్తం 100. చదువులో వచ్చిన శాతానికి 75 మార్కులు. పాసైన తర్వాత నిండిన ఏడాదికి ఒక మార్కు చొప్పున పది దాకా. సర్కారు కాంట్రాక్టు లేదా అవుట్‌సోర్సింగ్ సర్వీసుకి పదిహేను దాకా. ఈ సర్వీసు మార్కులు ఆరు నెలలకి ఇంత అని వేస్తారు. గిరిజన ప్రాంతంలో రెండున్నర, పల్లెలో రెండు, పట్నంలో ఒకటి.

లెక్క కోసం ఇద్దరిని అనుకుందాం. ఒక అమ్మాయికి డిప్లొమాలో 68 శాతం. పాసై ఎనిమిదేళ్ళయింది. పల్లె పి.హెచ్.సి.లో మూడేళ్ళు కాంట్రాక్టు మీద చేసింది. చదువుకి 51, ఏళ్ళకి 8, సర్వీసుకి 12, మొత్తం 71. ఒక అబ్బాయికి డిగ్రీలో 78 శాతం, పాసై రెండేళ్ళు, సర్వీసు లేదు. చదువుకి 58.5, ఏళ్ళకి 2, మొత్తం 60.5. అమ్మాయి పది మార్కుల పైన ముందుంది. ఇప్పుడు అదే అమ్మాయి ఆ మూడేళ్ళూ ప్రైవేటు ఆసుపత్రిలో రాత్రింబగళ్ళు చేసిందనుకోండి. సర్వీసు మార్కులు సున్నా. మొత్తం 59. ఒకటిన్నర మార్కు తేడాతో ఉద్యోగం చెయ్యి జారుతుంది. ప్రైవేటులో అరిగిన మూడేళ్ళని సర్కారు తూకంలో వేస్తే అంత బరువు! అందుకే, జీతం కాస్త అటూ ఇటూ అయినా, సర్కారు కాంట్రాక్టు దొరికితే వదలొద్దని మన పిల్లలకి చెబుతున్నాం. ఆరు నెలలు నిండకుండా మానెయ్యొద్దు. అపాయింట్‌మెంటు ఆర్డరు, సర్వీసు సర్టిఫికెట్టు అధికారి సంతకంతో అప్పటికప్పుడే తీసుకోండి. డాక్టరుగారు బదిలీ అయ్యాక వెంట తిరిగితే చెప్పులే అరుగుతాయి.

మన పిల్లలు ఎక్కువగా పడే గోతులు మూడు.

మొదటిది కాలేజీ. బోర్డు గుర్తింపు లేని చోట, ఏదో ట్రస్టు పేరు మీదో పై రాష్ట్రం దూరవిద్య పేరు మీదో డిప్లొమా అమ్ముతారు. ఫీజు కట్టకముందే రెండు అడగండి. బోర్డు ఇచ్చిన అనుమతి కాపీ చూపిస్తారా? పరీక్ష పెట్టేది, మార్కుల మెమో ఇచ్చేది ఎవరు? మెమో మీద కాలేజీ పేరే తప్ప బోర్డు పేరు రాదంటే వెనక్కి తిరిగి రండి.

రెండోది వొకేషనల్. ఇంటర్ ఎం.ఎల్.టి.తో చదువు అయిపోయిందనుకుంటారు. అవ్వలేదు. సర్కారు ఆసుపత్రిలో ఏడాది అప్రెంటిస్ చేస్తేనే నోటిఫికేషన్‌కి అర్హత. ఊళ్ళో ఉన్న ప్రైవేటు ల్యాబులో ఏడాది చేసి కాగితం తెచ్చుకుంటే చెల్లలేదు.

మూడోది ఒరిజినల్ సర్టిఫికెట్లు. ఫీజు రీయింబర్స్‌మెంటు రాలేదని కాలేజీ పట్టుకుంటుంది. పని మానేస్తావని ఆసుపత్రి పట్టుకుంటుంది. ఒరిజినల్స్ లేకపోతే రిజిస్ట్రేషన్ ఆగుతుంది, రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ఇచ్చిన జీతానికే పడి ఉంటారు. ఈ గొలుసు ఎవరికి లాభమో వేరే చెప్పాలా? ఆసుపత్రికి కాపీ ఇవ్వండి, ఒరిజినల్ చూపించి వెంటనే వెనక్కి తీసుకోండి.

జీతం విషయంలో కూడా నిజం నిజంగా మాట్లాడుకుందాం. 2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సమాన పనికి సమాన వేతనం తాత్కాలిక ఉద్యోగులకీ వర్తిస్తుందని చెప్పింది. అది సర్కారు కొలువుల సంగతి. ప్రైవేటు ఆసుపత్రి యజమానిని ఆ తీర్పు నేరుగా కట్టెయ్యదు. పైగా చదువును బట్టి జీతం తేడా పెట్టొచ్చని కోర్టులు చాలాసార్లు ఒప్పుకున్నాయి. వెనకటి మైసూరు రాష్ట్రంలో మెట్రిక్ పాసైన ట్రేసర్లకి ఎక్కువ జీతం ఇవ్వడాన్ని సుప్రీంకోర్టు తప్పు పట్టలేదు. కాబట్టి 'మేమూ మనుషులమే' అన్న మాట ఒక్కటే కోర్టులో చాలదు. రుజువు కావాలి. డ్యూటీ రిజిస్టరులో ఏ రాత్రి ఎవరున్నారు, ఏ మెషిను ఎవరు నడిపారు, కంట్రోలు శాంపిలు ఎవరు వేశారు, రిపోర్టు ఎవరు టైపు చేశారు, ఇవన్నీ తేదీలతో ఒక నోటుబుక్కులో రాసుకోండి. రోగుల పేర్లు మాత్రం వద్దు. అదే మన సాక్ష్యం.

2023లో బందరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. రోగులు పెరుగుతారు, ల్యాబులు పెరుగుతాయి. మన పిల్లలు కళ్ళె డబ్బాల దగ్గరే ఉండిపోకూడదంటే మనం అడగాల్సినవి ఇవి.

ఒకటి, పోస్టుకి ఒక పేరు, ఒక పని పట్టిక, ఒక జీతం ఉండాలి. ఎక్కువ చదువుకి ఎక్కువ ఇవ్వదలిస్తే ఆ ఎక్కువ చదువుతో చేసే ఎక్కువ పని ఏమిటో కాగితం మీద రాయాలి. శాంపిళ్ళు మొయ్యడం, రాత్రి డ్యూటీ వంతులవారీగా అందరికీ రావాలి.

రెండు, 2002 నాటి ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ చట్టం కింద తనిఖీకి వచ్చే అధికారి గోడకి తగిలించిన సర్టిఫికెట్టు చూసి వెళ్ళిపోకూడదు. ఆ నంబరు గల మనిషి బెంచి దగ్గర ఉన్నారా లేదా చూడాలి.

మూడు, 2021 చట్టం డిప్లొమా, డిగ్రీ అంది, వొకేషనల్ అనలేదు. ఇంటర్ ఎం.ఎల్.టి. చేసి, అప్రెంటిస్ పూర్తి చేసి, బోర్డు నంబరు తెచ్చుకున్నవాళ్ళ గతి ఏమిటో రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా చెప్పాలి. కొత్త రిజిస్టరులో వాళ్ళ పేర్లు గల్లంతు కాకూడదు.

నాలుగు, రీయింబర్స్‌మెంటు బాకీ సర్కారుది. దానికి పిల్లల సర్టిఫికెట్లు తాకట్టు పెట్టడం ఆపాలి.

సంఘం కార్యకర్తలు ఈ పక్షంలో చెయ్యాల్సిన పని ఒకటుంది. ప్రతి పేటలో ల్యాబ్ కోర్సు చదివినవాళ్ళు ఎవరెవరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉందా, ఒరిజినల్స్ ఎవరి దగ్గరున్నాయి, ఈ మూడూ రాసి పట్టుకురండి. ఎవరి సర్టిఫికెట్టు ఎవరి బీరువాలో ఉందో తేలితే, ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలో కూడా తేలుతుంది.