రేడియోధార్మికత లేని గదికి రేడియోధార్మిక ఫలకం: ఎక్స్-రే తనిఖీ గదుల హెచ్చరికల తెలుగు

2004 నాటి పరమాణు శక్తి వికిరణ రక్షణ నియమావళి ఒక భాషా నియమాన్ని కూడా చేసింది. వికిరణ యంత్రం ఉన్న గది ద్వారం వద్ద మూడు రెక్కల చిహ్నం ఒక్కటే ఉంటే చాలదు. ప్రమాదాన్ని, ప్రవేశ నిషేధాన్ని తెలిపే మాటలు ఇంగ్లీషు, హిందీలతో పాటు స్థానిక భాషలో కూడా ఉండాలి. అంతకు ఎంతో ముందే 1948 నాటి కర్మాగారాల చట్టం తన 108వ సెక్షనులో, నోటీసులు ఇంగ్లీషుతో పాటు అక్కడి కార్మికులలో ఎక్కువమందికి అర్థమయ్యే భాషలో ఉండాలని చెప్పింది. ఆ విధంగా ఫ్యాక్టరీ గోడ మీద తెలుగుకు చట్టబద్ధమైన చోటు దొరికింది. ఆ చోటులో ఏ తెలుగు రాయాలన్నది మాత్రం ఏ చట్టమూ చెప్పలేదు. చెప్పవలసిన తెలుగు శాఖలు పారిభాషిక పదకల్పనతోనే తమ బాధ్యత తీరిందని భావించాయి. ఆ భావన పొరపాటు. ఈ రంగంలో అది ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు.

అనంతపురం పీఠభూమిలో ఈ ప్రశ్న ఇటీవలి కాలంలో బలపడింది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి ప్రారంభించింది. తాడిపత్రి వైపు సిమెంటు, ఉక్కు పరిశ్రమలు అంతకు ముందే ఉన్నాయి. వానలు ముఖం చాటేసి శెనక్కాయ పంట ఎండిపోయిన ఊళ్ల నుంచి ఫ్యాక్టరీ పనికి కదిలిన తరం ఇది. పోత పోసిన లోహపు భాగం లోపల గాలి బుడగ ఉన్నదా, అతుకు లోపల చీలిక ఉన్నదా అని కోయకుండా తెలుసుకోవడానికి పరిశ్రమలు వాడే మార్గాలలో ఎక్స్-రే ఒకటి. ఆ యంత్రాన్ని నడిపేవారు శిక్షణ పొందినవారు; వారికి ఫలకంతో పెద్దగా పని లేదు. ఫలకం అవసరమయ్యేది ట్రాలీ తోసే సహాయకుడికి, గది ఊడ్చే ఆమెకు, రాత్రి షిఫ్టులో దారి తప్పి వచ్చిన కాంట్రాక్టు కూలీకి. తెలుగు వాక్యం వారికోసం నిలబడాలి.

మొదట పదం సంగతి. నిఘంటువు పక్కన పెట్టుకొని ఈ ఫలకాన్ని తెలుగు చేసే విద్యావంతుడికి తొలుత తట్టే మాట ‘రేడియోధార్మిక ప్రాంతం’. పాఠ్యపుస్తకాలు, పత్రికలు స్థిరపరచిన మాట అది. ధర్మం అంటే ఇక్కడ పదార్థ గుణం. పదాన్ని కల్పించినవారు ఆ అర్థంలోనే వాడారు, భౌతికశాస్త్ర పాఠంలో దానికి దోషం లేదు. ధార్మికత అనగానే గుడి, సత్రం గుర్తుకు వచ్చే పాఠకుడి ఇబ్బంది కూడా చిన్నదే. అసలు దోషం అది కాదు. ఎక్స్-రే గదికి ఆ మాట శాస్త్రరీత్యా తప్పు. ఎక్స్-రే గొట్టంలో రేడియోధార్మిక పదార్థమేదీ లేదు. అధిక విద్యుత్ పీడనంతో పరుగెత్తిన ఎలక్ట్రాన్లు లోహఫలకాన్ని గుద్దుకున్నప్పుడు కిరణాలు పుడతాయి. విద్యుత్తు ఆగిన క్షణాన కిరణాలూ ఆగుతాయి. గోడలకు ఏమీ అంటదు, తనిఖీ అయిన లోహపు భాగం కిరణాలను మోసుకొని బయటికి రాదు. ‘రేడియోధార్మిక’ అని రాసిన తలుపు, లేని అంటును ఉన్నట్టు చెబుతుంది. ఆ మాట నమ్మిన కార్మికుడు తనిఖీ అయిన భాగాన్ని ముట్టుకోవడానికే జంకుతాడు. కొన్నాళ్లు గడిచి ఎవరికీ ఏమీ కాకపోవడం చూసిన తర్వాత ఫలకాన్నే నమ్మడం మానేస్తాడు. రెండవది మొదటిదానికంటే పెద్ద నష్టం.

ఎందుకంటే ఆ మాట నిజంగా వర్తించే పరికరం పక్క షెడ్డులోనే ఉండవచ్చు. వెల్డింగు అతుకుల పరీక్షకు ఇరిడియం-192 అనే రేడియోధార్మిక లోహపు చిన్న ముక్కను వాడతారు. బరువైన కవచం ఉన్న డబ్బాలో అది ఉంటుంది. పని వేళ తీగతో గొట్టం గుండా బయటికి నెడతారు, పని కాగానే వెనక్కి లాగుతారు. దానికి స్విచ్ లేదు. కరెంటు పోయినా, డ్యూటీ ముగిసినా అది కిరణాలను విడుస్తూనే ఉంటుంది. దాని తీవ్రత సగానికి తగ్గడానికి సుమారు 74 రోజులు పడుతుంది. తీగ తెగినా, ముక్క గొట్టంలో ఇరుక్కున్నా కంటికి తెలియదు, చర్మానికి తెలియదు, కొలిచే మీటరుకు మాత్రమే తెలుస్తుంది. 2010లో ఢిల్లీలోని మాయాపురి పాత ఇనుము బజారులో జరిగింది ఇటువంటి పదార్థం వల్లనే. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో దశాబ్దాలుగా వాడకంలో లేని కోబాల్ట్-60 పరికరం వేలంలో తుక్కుగా అమ్ముడుపోయింది. దానిని విప్పినవారు జబ్బుపడ్డారు, ఒకరు మరణించారు. వాడకంలో లేదు కనుక ప్రమాదం లేదన్న భావన ఎక్స్-రే యంత్రం విషయంలో చెల్లుతుంది. కోబాల్ట్ విషయంలో చంపుతుంది. ఈ రెండింటికీ ఒకే తెలుగు ఫలకం తగిలించే అనువాదకుడు ఈ తేడానే తుడిచివేస్తున్నాడు.

ఇక వాక్యం సంగతి. గది నియమాలలో ముఖ్యమైనదానిని మాటకు మాట తెలుగు చేస్తే ‘ఎర్ర దీపం వెలుగుతున్నప్పుడు లోనికి ప్రవేశించరాదు’ అని వస్తుంది. వ్యాకరణం చూస్తే దోషం కనబడదు. కానీ ‘-ప్పుడు’తో మొదలైన షరతు వినగానే, ఆ షరతు లేనప్పుడు సంగతి తారుమారవుతుందని శ్రోత అనుకుంటాడు. ‘వాన పడుతున్నప్పుడు బయటికి పోవద్దు’ అంటే వాన ఆగాక పోవచ్చనే కదా అర్థం. అలాగే పై వాక్యం, దీపం వెలగకపోతే లోపలికి పోవచ్చని చెప్పకనే చెబుతుంది. ఎక్స్-రే గదిలో బల్బు మాడిపోతే ఈ ఊహ ప్రమాదం. తలుపు తీస్తే యంత్రం ఆగే ఏర్పాటును పని తొందరలో ఎవరైనా తీగ కట్టి పనిచేయకుండా చేసి ఉంటే మరింత ప్రమాదం. ఇరిడియం గదిలో అయితే కరెంటు పోగానే దీపం ఆరుతుంది, కిరణాలు ఆరవు. కరెంటు కోతలకు అలవాటుపడిన సీమలో ‘కరెంటు పోయింది, అన్నీ ఆగిపోయినాయి’ అనుకోవడం సహజం. కాబట్టి వాక్యం దీపాన్ని ఆధారం చేసుకోకూడదు. లోపలికి పోవడానికి అనుమతి ఎప్పుడు పుడుతుందో ఆ క్షణాన్ని చెప్పాలి. అది ఆపరేటర్ మీటరుతో కొలిచి, రమ్మని పిలిచిన క్షణం.

అదే వాక్యంలో మరో చిక్కు కూడా ఉంది. తెలుగులో నిషేధం వాక్యం చివర వస్తుంది. ‘లోనికి ప్రవేశించ’ వరకు చదివినవాడికి అది ఆహ్వానమో నిషేధమో తెలియదు. ఫలకం ఇరుకై ‘రాదు’ రెండవ వరుసలోకి దిగితే, దూరం నుంచి మొదటి వరుస మాత్రమే కనబడుతుంది. పైగా ఈ ప్రాంతపు వాడుకలో ‘తీయనీకి రాదు’ అంటే తీయడం సాధ్యం కాదని అర్థం. ‘తలుపు తీయరాదు’ అన్న గ్రాంథిక నిషేధాన్ని, ఆ తలుపు తెరుచుకోదన్న సమాచారంగా చదువుకునే అవకాశం ఉంది. ‘ఆగండి’ అన్న ఒక్క మాటతో ఫలకం మొదలైతే మొదటి చిక్కు తీరుతుంది. ‘వద్దు’ వాడితే రెండవది తీరుతుంది. ఇంత చిన్న మార్పు కోసం పరిభాషా సంఘం అవసరం లేదు.

ఛాతీ మీద పెట్టుకునే టీఎల్‌డీ బ్యాడ్జి విషయంలోనూ ఇటువంటి పొరపాటుకే ఆస్కారం ఉంది. దానిని ‘రక్షణ బ్యాడ్జి’ అంటే, పెట్టుకున్నవాడికి ఏమీ కాదన్న ధైర్యం వస్తుంది. అది తాయెత్తు కాదు. ఒంటికి తగిలిన మోతాదును నమోదు చేసే బిళ్ల మాత్రమే. ప్రయోగశాలకు పంపి చదివించిన తర్వాత గానీ సంగతి తెలియదు. ‘కొలత బ్యాడ్జి’ అనడం న్యాయం.

ఇక్కడ రెండు వర్గాలకు జవాబు చెప్పవలసి ఉంది. ‘వికిరణం’ వంటి మాట ఉండగా ‘రేడియేషన్’ ఎందుకని ఒక వర్గం అడుగుతుంది. క్యాన్సర్ ఆసుపత్రికి పోయి వచ్చిన ప్రతి కుటుంబానికీ ‘రేడియేషన్ పెట్టడం’ తెలుసు; అందులోని భయం కూడా తెలుసు. వికిరణం అన్న మాటకు ఆ బరువు లేదు. సెల్ టవర్ల గురించిన పుకార్లు కూడా ఆ ఇంగ్లీషు మాటకు అంటుకున్నమాట నిజమే. అయినా తలుపు దగ్గర తెలియని మాటకంటే కొంచెం మసకబారిన తెలిసిన మాట మేలు. రెండవ వర్గం ఇంగ్లీషును తెలుగు లిపిలో పెడితే చాలునంటుంది. ‘రెస్ట్రిక్టెడ్ ఏరియా, ఆథరైజ్డ్ పర్సన్స్ ఓన్లీ’ అన్నది లిప్యంతరీకరణ మాత్రమే, హెచ్చరిక కాదు. దానిని ‘అధీకృత వ్యక్తులకు మాత్రమే’ అని మార్చినా మేలు లేదు. అధికారి అయితే చాలునని సూపర్‌వైజరు కూడా తలుపు తోసుకుపోవచ్చు.

పై చర్చ ప్రకారం ఎక్స్-రే గది తలుపుకు వాక్యం ఇలా ఉండవచ్చు:

ఆగండి. లోపల ఎక్స్-రే మిషన్ ఉంది. ఆపరేటర్ మీటరుతో చూసి రమ్మన్న తర్వాతే లోపలికి రండి. ఎర్ర లైటు ఆరినా, కరెంటు పోయినా మీరుగా తలుపు తీయవద్దు.

ఇరిడియం ఉన్న చోటికి అదే వాక్యం చాలదు:

ఆగండి. లోపలి డబ్బాలో రేడియేషన్ వచ్చే లోహపు ముక్క ఉంది. దానికి స్విచ్ లేదు. కరెంటు పోయినా రేడియేషన్ ఆగదు. ఏ ముక్క కింద పడి కనబడినా ముట్టుకోవద్దు. దూరంగా పోయి ఆపరేటర్‌కు చెప్పండి.

‘సోర్సు’ అన్న మాటకు ‘మూలం’, ‘జనకం’ అనే అనువాదాలు ఇక్కడ ఉద్దేశపూర్వకంగానే లేవు. చేతికి దొరికే వస్తువును చేతికి దొరికే వస్తువుగానే చెప్పాలి. పోవాకు, తీయాకు అన్న సీమ రూపాలను రాయాలని కొందరు కోరవచ్చు. అవి ఆత్మీయమైనవే, కానీ ఆ తలుపు ముందుకు శ్రీకాకుళం నుంచి వచ్చినవాడూ వస్తాడు. ‘వద్దు’ అందరికీ ఒకటే. మడకశిర, రాయదుర్గం వైపు కన్నడం, హిందూపురం, కదిరిలలో ఉర్దూ ఇంటి భాషలుగా ఉన్న కార్మికుల సంగతి తెలుగు ఫలకం ఒక్కదానితో తీరదు. నియమావళిలోని ‘స్థానిక భాష’ అన్న ఏకవచనం ఈ సరిహద్దు మండలాలకు చాలదు.

ఈ వాక్యాలు సరైనవో కావో తేల్చవలసింది పండితసభ కాదు. అంతర్జాతీయ పరమాణు శక్తి సంస్థ 2007లో పుర్రె, పరుగెత్తే మనిషి ఉన్న అదనపు చిహ్నాన్ని విడుదల చేసే ముందు భారతదేశంతో సహా 11 దేశాలలో జనానికి చూపించి పరీక్షించింది. మూడు రెక్కల గుర్తు, చదువుకోనివారికి ఏ అర్థమూ ఇవ్వదని ఒప్పుకున్న తర్వాతే ఆ పని జరిగింది. అది కూడా ప్రమాదకరమైన పెద్ద సోర్సులున్న పరికరాలకే, విప్పబోయేవాడి కంటపడేలా పెట్టడానికి. గది తలుపులకు కాదు. తలుపు భారం ఇంకా మాటలదే. ఒక బొమ్మ కోసం 11 దేశాలు తిరిగారు. తెలుగు వాక్యాన్ని పెనుకొండలో షిఫ్టు మారే వేళ ఇరవై మందికి చూపించి, ‘ఇది చదివి మీరేం చేస్తారు?’ అని అడగడానికి ఒక పరిశోధక విద్యార్థికి ఒక సాయంత్రం చాలు. ‘దీని అర్థమేమిటి?’ అని అడగకూడదు. ఆ ప్రశ్నకు అందరూ ‘డేంజర్’ అనే చెబుతారు. దీపం ఆరిపోయి ఉంటే ఏం చేస్తారని అడగాలి.