సీఎఫ్‌డీ ట్రేడింగ్: ధర కదలకపోయినా కరిగిపోయే మార్జిన్

న్యూఢిల్లీ: బంగారం ధర 2025లో అంతర్జాతీయ విపణిలో తొలిసారిగా ఔన్సుకు 4,000 డాలర్లు దాటింది. ధర పెరిగిన కొద్దీ ‘తక్కువ పెట్టుబడితో బంగారంపై ట్రేడింగ్’ అంటూ సామాజిక మాధ్యమాల్లో వచ్చే ప్రకటనలూ పెరిగాయి. వాటిలో అనేకం ఆహ్వానించేది బంగారం కొనుగోలుకు కాదు, ‘కాంట్రాక్ట్ ఫర్ డిఫరెన్స్’ అనే ఒప్పందానికి. సంక్షిప్తంగా దీనినే సీఎఫ్‌డీ అంటారు. ధర అంచనా తప్పితే నష్టం వస్తుందన్న సంగతి ఇందులో దిగేవారందరికీ తెలిసినదే. అంచనా తప్పకపోయినా, ధర అసలు కదలకపోయినా, పెట్టిన సొమ్ము రోజురోజుకూ తరిగిపోతుందన్న సంగతి మాత్రం చాలామందికి ఖాతా ఖాళీ అయ్యాకే తెలుస్తోంది.

ఒప్పందం స్వరూపం

సీఎఫ్‌డీలో వస్తువు చేతులు మారదు. ఒప్పందం మొదలైన నాటి ధరకు, ముగిసిన నాటి ధరకు మధ్య ఉన్న తేడాను మాత్రమే బ్రోకరు, ఖాతాదారు ఒకరికొకరు చెల్లించుకుంటారు. ధర పెరుగుతుందనుకున్నవారు ‘లాంగ్’ పొజిషన్, తగ్గుతుందనుకున్నవారు ‘షార్ట్’ పొజిషన్ తీసుకుంటారు. ఇది ఎక్స్ఛేంజీలో జరిగే లావాదేవీ కాదు. బ్రోకరుకు, ఖాతాదారుకు మధ్య నేరుగా కుదిరే ఒప్పందం. అందువల్ల చూపే ధరను, వసూలు చేసే రుసుములను నిర్ణయించేది బ్రోకరే. ఖాతాదారు పొజిషన్‌ను బ్రోకరు తన వద్దే ఉంచుకుని విపణిలో ఎదురు లావాదేవీ చేయనిపక్షంలో, ఖాతాదారు నష్టమే బ్రోకరు లాభమవుతుంది.

ఈ సాధనం 1990ల ఆరంభంలో లండన్‌లో పుట్టింది. బ్రిటన్‌లో షేరు కొంటే 0.5 శాతం స్టాంపు సుంకం చెల్లించాలి. షేరును సొంతం చేసుకోకుండా ధరలోని తేడాపైనే ఒప్పందం చేసుకుంటే ఆ సుంకం పడదు. హెడ్జ్ ఫండ్ల వంటి పెద్ద సంస్థలకు ఉద్దేశించిన ఈ ఏర్పాటు, ఇంటర్నెట్ వ్యాప్తితో సామాన్యుల చేతికి వచ్చింది.

సామాన్యులను ఆకర్షించింది ఇందులోని లీవరేజ్. మొత్తం విలువలో స్వల్ప భాగాన్ని మార్జిన్‌గా ఉంచితే చాలు, పూర్తి విలువపై లాభనష్టాలు వర్తిస్తాయి. బంగారంపై 20 రెట్ల లీవరేజ్ అంటే 5 శాతం మార్జిన్ చాలునన్నమాట. మిగిలిన 95 శాతం విషయంలో బ్రోకరు ఖాతాదారుకు అప్పు ఇచ్చినట్లే లెక్క. అప్పు ఉన్నచోట వడ్డీ తప్పదు. సీఎఫ్‌డీలో దాగి ఉన్న ఖర్చుకు మూలం ఇదే.

రాత్రి గడిస్తే రుసుము

పొజిషన్‌ను అదే రోజు ముగిస్తే ఈ వడ్డీ పడదు. కొనుగోలు, అమ్మకం ధరల మధ్య తేడా అయిన ‘స్ప్రెడ్’ మాత్రమే భరించాలి. న్యూయార్క్ కాలమానం ప్రకారం సాయంత్రం 5 గంటలు దాటే వరకు పొజిషన్ తెరిచి ఉంటే మాత్రం చాలా వేదికలు ‘ఓవర్‌నైట్ ఫైనాన్సింగ్’ లేదా ‘స్వాప్’ పేరుతో రుసుము విధిస్తాయి. లాంగ్ పొజిషన్‌పై ఈ రుసుమును సాధారణంగా విపణిలోని ప్రామాణిక వడ్డీ రేటుకు బ్రోకరు సొంత మార్కప్‌ను కలిపి లెక్కిస్తారు. షార్ట్ పొజిషన్‌కైతే ప్రామాణిక రేటు నుంచి మార్కప్‌ను తీసివేస్తారు. ఫలితం ధనాత్మకమైతే ఆ మొత్తం ఖాతాదారుకు వస్తుంది, రుణాత్మకమైతే ఖాతాదారే చెల్లించాలి. వడ్డీ రేట్లు సున్నాకు చేరువగా ఉన్న సంవత్సరాల్లో లాంగ్, షార్ట్ రెండు పక్షాలూ బ్రోకరుకే చెల్లించవలసి వచ్చింది.

గమనించవలసిన అసలు విషయం మరొకటుంది. ఈ వడ్డీని లెక్కించేది మార్జిన్ మీద కాదు, అప్పుగా వచ్చిన 95 శాతం మీద కూడా కాదు. ఒప్పందపు పూర్తి విలువ మీద. అది తరిగేది మాత్రం మార్జిన్ నుంచి. వార్షికంగా 7 శాతం అని చూసినప్పుడు స్వల్పంగా కనిపించే రేటు, 20 రెట్ల లీవరేజ్ ఉన్న ఖాతాలో మార్జిన్‌పై 140 శాతంతో సమానం.

ఒక ఖాతా లెక్క

ఔన్సు ధర 4,000 డాలర్లు ఉండగా ఒక ఖాతాదారు 10 ఔన్సుల బంగారంపై లాంగ్ పొజిషన్ తీసుకున్నారనుకుందాం. ఒప్పందం విలువ 40,000 డాలర్లు. 20 రెట్ల లీవరేజ్‌తో అవసరమైన మార్జిన్ 2,000 డాలర్లు. ఖాతాలో ఉన్న సొమ్మంతా అదే. స్ప్రెడ్ ఔన్సుకు అర డాలరు చొప్పున 5 డాలర్లు. ప్రామాణిక వడ్డీ 4.2 శాతం, బ్రోకరు మార్కప్ 3 శాతం కలిపి వార్షిక రేటు 7.2 శాతం అనుకుంటే, డాలరు ఒప్పందాలకు ఏడాదిని 360 రోజులుగా లెక్కించే పద్ధతిలో రాత్రికి పడే రుసుము సరిగ్గా 8 డాలర్లు.

నలభై వేల డాలర్ల ఒప్పందంపై ఎనిమిది డాలర్లు ఎవరినీ కలవరపెట్టవు. కానీ 30 రోజులకు అది 240 డాలర్లు, అంటే మార్జిన్‌లో 12 శాతం అవుతుంది. 90 రోజులకు 720 డాలర్లకు, అంటే 36 శాతానికి చేరుతుంది. మూడు నెలల తర్వాత లాభనష్టాలు లేకుండా బయటపడాలన్నా బంగారం ధర ఔన్సుకు 72.50 డాలర్లు పెరిగి ఉండాలి.

నష్టం అంతటితో ఆగదు. ఖాతాలోని సొమ్ము అవసరమైన మార్జిన్‌లో సగానికి పడిపోతే పొజిషన్‌ను బ్రోకరే మూసివేయాలన్న నిబంధన యూరప్, బ్రిటన్, ఆస్ట్రేలియాలలో అమలులో ఉంది. ఈ ఉదాహరణలో ఆ హద్దు 1,000 డాలర్లు. మొదటి రోజున బంగారం ధర ఔన్సుకు దాదాపు 99.50 డాలర్లు, అంటే 2.5 శాతం పడితేగానీ ఖాతా ఆ హద్దును తాకదు. 90 రోజులు గడిచి, ధర మొదటి రోజు స్థాయిలోనే ఉన్నప్పుడు ఖాతాలో మిగిలేది 1,275 డాలర్లు. అప్పుడు ఔన్సుకు 27.50 డాలర్ల తగ్గుదల, అంటే 0.7 శాతం కూడా లేని కదలిక చాలు. బంగారం ధరలో ఇది ఏ సాధారణ దినంలోనైనా కనిపించే ఊగిసలాటే.

ఒకవేళ ధర ఏమాత్రం కదలకుండా 4,000 డాలర్ల వద్దే నిలిచిపోయినా, 125వ రాత్రి రుసుముతో ఖాతాలో మిగిలేది 995 డాలర్లు. ఆ రాత్రితో పొజిషన్ దానంతటదే మూతపడుతుంది. ఆ తర్వాతి వారంలో బంగారం ధర పెరిగినా ఆ ఖాతాదారుకు దక్కేదేమీ ఉండదు. అంచనా సరైనదే అయినా, అది నిజమయ్యే వరకు ఎదురుచూసే స్తోమతను రుసుమే హరించివేసింది.

లీవరేజ్ పెరిగితే ఈ గడువు మరింత కుంచించుకుపోతుంది. నియంత్రణ సంస్థల అదుపులేని విదేశీ వేదికలు 100 రెట్లు, 500 రెట్లు కూడా ఇస్తామంటాయి. అదే ఒప్పందానికి 100 రెట్ల వద్ద మార్జిన్ 400 డాలర్లు. ఖాతాలో అంతే సొమ్ము ఉంటే రోజుకు 8 డాలర్ల చొప్పున 50 రోజుల్లో ఖాతా శూన్యమవుతుంది. 500 రెట్ల వద్ద మార్జిన్ 80 డాలర్లు. ఒక్క రాత్రి రుసుమే అందులో పదో వంతు.

కనిపించని చోట కనిపించే అంకెలు

ఈ రుసుమును బ్రోకర్లు పూర్తిగా దాచిపెట్టరు. అయితే సామాన్యుడికి తట్టని రూపంలో ఉంచుతారు. విస్తృతంగా వాడే ‘మెటాట్రేడర్’ వేదికలో ప్రతి సాధనానికీ Swap long, Swap short అనే రెండు గడులుంటాయి. వాటిలో చాలాసార్లు శాతం ఉండదు, పాయింట్లు ఉంటాయి. ఉదాహరణకు బంగారానికి Swap long వద్ద −80 అని ఉందనుకుందాం. ఒక పాయింటు 0.01 డాలరు, ఒక లాటు 100 ఔన్సులు అయితే, లాటుకు రాత్రికి 80 డాలర్లు, 10 ఔన్సులకు 8 డాలర్లు. పైన చెప్పిన 7.2 శాతం వార్షిక వడ్డీ ఈ ‘−80’లోనే ఇమిడి ఉంది. రాత్రి రుసుమును 360తో హెచ్చించి ఒప్పందం విలువతో భాగిస్తే అసలు రేటు తేలుతుంది.

కరెన్సీ, బంగారం ఒప్పందాలపై అనేక వేదికలు బుధవారం రాత్రి మూడు రోజుల రుసుమును ఒకేసారి తీసుకుంటాయి. ఈ లావాదేవీల సెటిల్‌మెంటుకు రెండు పనిదినాలు పడుతుంది కనుక, బుధవారం పొజిషన్‌ను పొడిగిస్తే సెటిల్‌మెంటు తేదీ శుక్రవారం నుంచి సోమవారానికి మారుతుంది. శని, ఆదివారాల వడ్డీ ఆ రాత్రే పడుతుంది. ‘స్వాప్ రహిత’ ఖాతాలంటూ ప్రచారం చేసే చోట కూడా కొన్ని రోజుల తర్వాత నిర్వహణ రుసుము రూపంలోనో, ఎక్కువ స్ప్రెడ్ రూపంలోనో ఆ ఖర్చును రాబట్టుకోవడం పరిపాటి.

ఎక్స్ఛేంజీలోని బంగారం ఫ్యూచర్స్‌కు సైతం నిల్వ వ్యయం ఉంటుంది. కానీ అది ముందుగానే ఫ్యూచర్స్ ధరలో కలిసి అందరికీ కనిపిస్తుంది; అనేకమంది కొనుగోలుదారులు, అమ్మకందారుల పోటీలో అది నిర్ణయమవుతుంది. సీఎఫ్‌డీలో ఆ రేటుపై మార్కప్ ఎంత ఉండాలో ఒకే పక్షం తేలుస్తుంది.

నియంత్రణ ఎంతవరకు?

యూరోపియన్ సెక్యూరిటీస్ అండ్ మార్కెట్స్ అథారిటీ 2018లో చర్యలకు దిగినప్పుడు, వివిధ దేశాల అధ్యయనాల ప్రకారం 74 నుంచి 89 శాతం రిటైల్ ఖాతాలు సీఎఫ్‌డీలలో నష్టపోతున్నాయని వెల్లడించింది. ప్రధాన కరెన్సీ జంటలకు 30 రెట్లు, బంగారానికి 20 రెట్లు, విడి షేర్లకు 5 రెట్లు, క్రిప్టోలకు 2 రెట్లకు లీవరేజ్‌ను పరిమితం చేసింది. ఖాతాలో ఉన్నదానికి మించి ఖాతాదారు బాకీ పడకూడదన్న నిబంధన కూడా తెచ్చింది. 2015 జనవరి 15న స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు యూరోతో ఫ్రాంక్ మారకానికి విధించిన హద్దును హఠాత్తుగా తొలగించినప్పుడు, ఎందరో ఖాతాదారులు పెట్టినదంతా కోల్పోవడమే కాక బ్రోకర్లకు బాకీ పడ్డారు. ఆ నిబంధన వెనుక ఈ అనుభవం ఉంది. బ్రిటన్, ఆస్ట్రేలియా సైతం తర్వాత ఇటువంటి ఆంక్షలే విధించాయి. అమెరికాలో రిటైల్ మదుపర్లకు సీఎఫ్‌డీలు అందుబాటులో లేవు.

అయితే ఈ నిబంధనలు లీవరేజ్‌ను కట్టడి చేశాయే తప్ప, రాత్రి రుసుములో బ్రోకరు మార్కప్‌కు పరిమితి పెట్టలేదు. నష్టపోయిన ఖాతాల శాతాన్ని ప్రకటించడం తప్పనిసరి అయింది; ఆ నష్టంలో ధర వాటా ఎంత, రుసుము వాటా ఎంత అన్నది మాత్రం ఆ ఒక్క అంకెలో తెలియదు.

భారత్‌లో పరిస్థితి వేరు. దేశీయ ఎక్స్ఛేంజీల్లో సీఎఫ్‌డీలు లేవు. సరళీకృత చెల్లింపుల పథకం కింద విదేశాలకు సొమ్ము పంపే వెసులుబాటు ఉన్నా, విదేశీ ఎక్స్ఛేంజీలకు లేదా విదేశీ పక్షాలకు మార్జిన్ చెల్లించేందుకు ఆ సొమ్మును వాడకూడదని రిజర్వ్ బ్యాంకు నిషేధించింది. అనధికార ఫారెక్స్ వేదికల పేర్లతో 2022 సెప్టెంబరులో 34 సంస్థల హెచ్చరిక జాబితాను వెలువరించి, తర్వాత దానిని విస్తరిస్తూ వస్తోంది. జాబితాలో పేరు లేనంత మాత్రాన ఆ వేదికకు అనుమతి ఉన్నట్లు భావించరాదని కూడా స్పష్టం చేసింది. నిబంధనలు ఉల్లంఘించినవారికి విదేశీ మారక నిర్వహణ చట్టం కింద ప్రమేయమున్న మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు.

అందువల్ల ఇక్కడి నుంచి అటువంటి వేదికలో చేరినవారికి రాత్రి రుసుముపై వివాదం తలెత్తితే, ఫిర్యాదు చేసుకునే దారి దాదాపు మూసుకుపోయినట్లే. చట్టబద్ధంగానే సీఎఫ్‌డీలు లభించే బ్రిటన్, ఆస్ట్రేలియాలలో స్థిరపడిన తెలుగువారికి ఫిర్యాదుకు నియంత్రణ సంస్థల అండ ఉంటుంది. అక్కడ కూడా లెక్క మారదు. పొజిషన్‌ను ఎన్ని రాత్రులు ఉంచుతారో ముందే అనుకుని, ఆ రాత్రుల రుసుమును మార్జిన్ నుంచి తీసివేసి, మిగిలిన సొమ్ము ధర ఎంత పడితే తట్టుకుంటుందో చూడాలి. ఆ అంకె బంగారం ఒక్కరోజు ఊగిసలాటకంటే చిన్నదైతే, ధర ఎటు పోతుందన్న అంచనాకు ఇక విలువ లేనట్లే.