మరొకరు కొంటారన్న ధీమాకే ఆ ధర

2008 జనవరి 15న రిలయన్స్ పవర్ పబ్లిక్ ఇష్యూ తెరిచిన నిమిషంలోపే అమ్మకానికి పెట్టిన షేర్లన్నిటికీ సరిపడా బిడ్లు వచ్చిపడ్డాయి. 18న ఇష్యూ ముగిసేనాటికి ఉన్న షేర్లకు దాదాపు 73 రెట్లు అడిగినట్టు లెక్క తేలింది. కంపెనీ సమీకరించదలచింది సుమారు రూ.11,500 కోట్లు. వచ్చిన బిడ్ల విలువ ఏడు లక్షల కోట్ల పైమాటే. దేశ చరిత్రలో అప్పటికి అంత పెద్ద ఇష్యూ లేదు. అప్పటికి ఆ కంపెనీ చేతిలో నడుస్తున్న విద్యుత్కేంద్రం కూడా ఒక్కటీ లేదు.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమని సామెత. ఈ ఇష్యూకు అది అక్షరాలా సరిపోతుంది. ప్రాస్పెక్టస్‌లో 13 ప్రాజెక్టులు, 28,200 మెగావాట్ల సామర్థ్యం చూపించారు. 1975లో పుట్టిన ఎన్‌టీపీసీ మూడు దశాబ్దాలు శ్రమించి నడుపుతున్న సామర్థ్యం దాదాపు అంతే. ఇక్కడ ఉన్నది కాగితం మీది సామర్థ్యం. షేరుకు నిర్ణయించిన రూ.450 ధరను కంపెనీ మొత్తం షేర్లతో హెచ్చవేస్తే లక్ష కోట్ల రూపాయలు దాటుతుంది. కేంద్రాలేవీ నడవడం లేదన్న సంగతి ఆ పత్రంలోనే ఉంది. దాచిపెట్టిందేమీ లేదు. అన్నీ చెప్పి, చట్టం అడిగిన కాగితాలన్నీ సమర్పించి, ఇంత ధరకు అమ్మడం ఎలా సాధ్యమైందన్నదే అసలు ప్రశ్న.

ఆ 13 ప్రాజెక్టుల్లో ఒకటి మన గడ్డ మీదిదే. నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దగ్గర 4,000 మెగావాట్ల అల్ట్రా మెగా ప్రాజెక్టును యూనిట్‌కు సుమారు రూ.2.33కే కరెంటు ఇస్తామని రిలయన్స్ పవర్ దక్కించుకుంది. దీని విలువను లెక్క కట్టడం అసాధ్యమేమీ కాదు. 4,000 మెగావాట్ల కేంద్రం ఏడాది పొడవునా 80 శాతం సామర్థ్యంతో నడిస్తే సుమారు 2,800 కోట్ల యూనిట్లు వస్తాయి. రూ.2.33 చొప్పున అమ్మితే ఏడాదికి ఆరున్నర వేల కోట్ల రాబడి. అందులోంచి బొగ్గు ఖర్చు, వడ్డీ, నిర్వహణ ఖర్చు పోగా మిగిలేదే వాటాదారుది. కాబట్టి అన్నిటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇండోనేసియా నుంచి ఓడలో వచ్చే బొగ్గు టన్ను ఎంత పడుతుంది, ఆ ధర పాతికేళ్లు అలాగే ఉంటుందా?

దరఖాస్తుల కోసం బారులు తీరినవారిలో ఈ ప్రశ్న అడిగినవారు అరుదు. అడగాల్సిన అవసరం తమకు లేదని వారు అనుకున్నారు. షేరు చేతికి వచ్చిన రోజే అమ్మేయాలన్నది చాలామంది పథకం. పాతికేళ్ల తర్వాతి బొగ్గు ధరతో వారికి పని లేదు, నాలుగు వారాల తర్వాత ఎవరో ఒకరు ఎక్కువకు కొంటే చాలు. బుడగ అంటే ఇదే. భవిష్యత్తు మీద ఆశ పెట్టుకోవడం తప్పు కాదు, ప్రతి పెట్టుబడిలోనూ ఆశ ఉంటుంది. కేంద్రం నడుస్తుంది, కరెంటు అమ్ముడవుతుంది అన్న ఆశను అంకెలతో పరీక్షించవచ్చు. నాకంటే ఎక్కువ పెట్టి మరొకరు కొంటారు అన్న ఆశను పరీక్షించేందుకు ఆ మరొకరు తప్ప ఆధారం లేదు. ఆ మరొకరు కూడా ఇంకొకరి మీదే ఆధారపడి ఉంటారు.

ఇంత గొలుసు కట్టడానికి అంత డబ్బు ఎక్కడిది? మన మొదటి అభియోగం ఇక్కడే. పెద్ద సంస్థాగత మదుపరులు అడిగిన షేర్ల విలువలో 10 శాతం మార్జిన్ కడితే చాలునని నాటి సెబీ నిబంధన. పది రూపాయలు పెట్టి వంద రూపాయల బిడ్ వేయవచ్చు. షేర్లు కొద్దిగానే దక్కుతాయని తెలుసు గనుక కావలసిన దానికి ఎన్నో రెట్లు అడిగారు. అలా ఉబ్బిన అంకెలన్నీ కలిసి ‘ఇన్ని రెట్లు సబ్‌స్క్రైబ్ అయింది’ అంటూ గంటగంటకూ టీవీ తెరల మీద పరుగెత్తాయి. ఆ అంకె చూసి చిన్న మదుపరి ఇన్ని వేల కోట్లు పెట్టేవాళ్లకు తెలియదా అనుకున్నాడు. కొత్తగా డీమ్యాట్ ఖాతా తెరిచి మరీ వరుసలో నిలబడ్డాడు.

సంపన్న మదుపరుల వాటాలో జరిగింది ఇంకో తీరు. వారిలో చాలామంది అప్పు తెచ్చి దరఖాస్తు చేశారు. దాని లెక్క ఒకసారి చూద్దాం. ఆ విభాగంలో వంద రెట్లు బిడ్లు వచ్చాయనుకోండి. అంటే ఒక్క షేరు దక్కాలంటే వంద షేర్లకు, అంటే రూ.45,000కు దరఖాస్తు పెట్టాలి. ఆ సొమ్మును 12 శాతం వడ్డీకి తెచ్చి, రీఫండ్ వచ్చేవరకు 15 రోజులు ఇరుక్కుంటే వడ్డీయే సుమారు రూ.222. అంటే రూ.450 షేరు ఆయనకు పడింది రూ.672కు. మార్కెట్‌లో అంతకంటే ఒక్క రూపాయి ఎక్కువ పలికితేనే లాభం, తక్కువైతే నష్టం. అప్పు తీర్చాలి గనుక ఆయన ఆగలేడు, లిస్టింగ్ రోజే అమ్మాలి. మొదటి రోజు అమ్మక తప్పనివాళ్లు చాలామంది ఉంటారని ముందే తెలుసు. వాళ్ల దగ్గర కొనేదెవరో ఎక్కడా రాసి లేదు.

ఆ ఖాళీని పూరించింది గ్రే మార్కెట్. లిస్టింగ్‌కు ముందే, ఎక్స్ఛేంజీ బయట, నోటిమాట మీద సాగే ఈ బేరాల్లో ఈ షేరుకు వందల రూపాయల ప్రీమియం పలికింది. ఆ ప్రీమియమే అందరికీ ధైర్యం. దానికి రశీదు లేదు, హామీ లేదు, ఎంతమంది ఎన్ని షేర్లకు ఆ ధర చెప్పారో లెక్క లేదు. ఊళ్లో పదిమంది అనుకున్న ధరను లక్షలమంది నమ్మారు.

బుడగ పగలడానికి ఆ కంపెనీ గురించి చెడువార్త ఏదీ రానక్కర్లేదు. తర్వాతి కొనుగోలుదారు వెనకడుగు వేస్తే చాలు. జనవరి 8న 20,873 వద్ద ముగిసిన సెన్సెక్స్ అమెరికా మాంద్యం భయంతో జనవరి 21న ఒక్కరోజే 1,408 పాయింట్లు పడిపోయింది. మర్నాడు ఇంకా కుంగింది. ఇష్యూ ముగిసి వారం కూడా కాలేదు. కృష్ణపట్నంలో మారిందేమీ లేదు. మారింది కొనేవాడి మనసొక్కటే. ఫిబ్రవరి 11న లిస్టయిన షేరు రూ.547.80 వద్ద మొదలై, అమ్మకాల తాకిడికి అదే రోజు రూ.372.50 వద్ద ముగిసింది. పై లెక్కలోని అప్పుల మదుపరికి ఆ రోజు ప్రారంభ ధర కూడా గిట్టదు. తగ్గింపుతో రూ.430కి పొందిన చిన్న మదుపరి సాయంత్రానికి నష్టంలో ఉన్నాడు.

కంపెనీ ఆ నెలలోనే ప్రమోటర్లు తప్ప మిగతా వాటాదారులకు ప్రతి ఐదు షేర్లకు మూడు బోనస్‌గా ప్రకటించింది. దాంతో చిన్న మదుపరి కొనుగోలు ధర రూ.269కి దిగింది. ధర అక్కడా నిలవలేదు. బొగ్గు ధర ప్రశ్న ఆ తర్వాత వచ్చింది. బొగ్గును అంతర్జాతీయ ప్రామాణిక ధరకు తక్కువగా అమ్మరాదని ఇండోనేసియా నిబంధన తెచ్చింది. రూ.2.33కు కరెంటు ఇవ్వడం సాధ్యం కాదంటూ 2011లో కృష్ణపట్నం పనులు ఆగిపోయాయి. లక్ష కోట్ల విలువకు ఆధారంగా చూపిన వాటిలో ఒకటి అలా ఉత్పత్తి మొదలు కాకుండానే ముగిసింది. 2020లో ఆ షేరు రెండు రూపాయల లోపుకు వెళ్లింది. తర్వాత కొంత కోలుకున్నా నాటి మదుపరి పెట్టుబడి తిరిగి రాలేదు.

ఇందులో దోషులెవరు? ఆశపడ్డ మదుపరిని తిట్టి ఊరుకోవడం తేలిక, అన్యాయం కూడా. గిరాకీని విలువకు రుజువుగా చూపించినవాళ్లే ప్రధాన దోషులు. ఇంతమంది అడిగారు కాబట్టి ఇంత ధర తగినదే అని ఇష్యూ నడిపిన మర్చంట్ బ్యాంకర్లు చెప్పారు, బ్రోకర్లు చెప్పారు, రెట్ల పట్టికలు వేసి మీడియా చెప్పింది. ఆ గిరాకీలో అధిక భాగం పది శాతం సొమ్ముతోనూ పదిహేను రోజుల అప్పుతోనూ కట్టిందని వారికి తెలుసు. అలాంటి లెక్కను అనుమతించిన నియంత్రణ సంస్థకూ తెలుసు. సంస్థాగత మదుపరులు కూడా పూర్తి సొమ్ము కట్టాల్సిందేనన్న నిబంధన 2010 మే నుంచి గానీ అమల్లోకి రాలేదు. ఫైనాన్స్ కంపెనీలు ఐపీఓ కోసం ఒక్కొక్కరికి ఇచ్చే అప్పుకు రిజర్వు బ్యాంకు కోటి రూపాయల పరిమితి పెట్టింది 2022 ఏప్రిల్ నుంచి, అంటే 14 ఏళ్ల తర్వాత.

ఈ మార్పులు మంచివే, కానీ చాలవు. 2024 ఆగస్టులో ఢిల్లీలో రెండు మోటార్‌సైకిల్ షోరూములు, ఎనిమిది మంది ఉద్యోగులు ఉన్న ఒక కంపెనీ సుమారు రూ.12 కోట్ల కోసం చిన్న సంస్థల వేదిక మీద ఇష్యూకు వస్తే రూ.4,700 కోట్లకు పైగా బిడ్లు పడ్డాయి. దాదాపు 400 రెట్లు. ఇప్పుడు దరఖాస్తు సొమ్ము మన ఖాతాలోనే కొద్దిరోజులు స్తంభించి తిరిగి వస్తుంది. మదుపరికి అది మేలే, అయితే వరుసలో నిలబడేందుకు అయ్యే ఖర్చు కూడా దాదాపు మాయమైంది. ఖర్చు లేనప్పుడు ఎవరైనా నిలబడతారు. అటువంటి వరుస పొడవు కంపెనీ విలువ గురించి ఏమీ చెప్పదు.

అందుకే సెబీని మూడు పనులు అడుగుతున్నాం. సబ్‌స్క్రిప్షన్‌ను రెట్లలో చాటడం మాన్పించి, ఎంతమంది దరఖాస్తు చేశారో, అందులో అప్పు వాటా ఎంతో ప్రకటించేలా చూడాలి. లిస్టింగ్ రోజే అమ్మినవాళ్లు ఎంత శాతమో ప్రతి ఇష్యూకూ విడుదల చేయాలి. గ్రే మార్కెట్ ప్రీమియాన్ని బ్రోకర్లు, ప్రకటనదారులు ప్రచారంలో వాడటాన్ని నిషేధించాలి. తర్వాత మదుపరి వంతు. ఏ షేరైనా, ప్లాటైనా, బంగారమైనా కొనేముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: దీన్ని నేను ఎవరికీ అమ్మలేకపోతే, ఇది నాకు ఏటా ఏమిస్తుంది? కృష్ణపట్నం విషయంలో ఆ ప్రశ్న మనల్ని నేరుగా బొగ్గు ధర దగ్గరకు తీసుకెళ్లేది. 2008 జనవరిలో ఆ ప్రశ్న అడిగినవారు దరఖాస్తు ఫారం నింపేవారు కారు.