ఉద్యోగం ఎందుకు మారుతున్నారు?

పోయిన ఆదివారం మధ్యాహ్నం భోజనాలై, నేను జవాబు పత్రాల కట్ట ముందేసుకు కూర్చున్నాను. మా అక్కయ్య కూతురు లాప్‌టాప్ పట్టుకుని వచ్చి నా పక్కన చతికిలబడింది. పిల్ల గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని చేస్తూ వుంది. నాలుగున్నరేళ్ల సర్వీసు.

"పిన్నీ, ఒక కన్సల్టెన్సీ నుంచి మెయిల్ వచ్చింది. సాయంత్రం లోపల జవాబు పంపాలి. అన్నీ నింపాను. నువ్వు ఒకసారి ఇంగ్లీషు తప్పులు చూసిపెట్టు" అంది.

తెలుగు చెప్పుకునే నాకు ఇంగ్లీషు తప్పులు చూసే పని తగిలింది. సరే కదా అని చూశాను. అందులో చిన్న పట్టిక. మొత్తం అనుభవం ఎన్నేళ్లు, అందులో ఈ పనికి సంబంధించినది ఎంత, ఇప్పటి జీతం, ఆశిస్తున్న జీతం, నోటీసు ఎన్ని రోజులు, ఇప్పుడుంటున్న వూరు. వీటన్నిటికీ ఒక్కొక్క అంకెతోనో, మాటతోనో సరిపోతుంది. చిట్టచివరి గడి మాత్రం వేరు: ఉద్యోగం మారడానికి కారణం.

ఆ గడిలో మా పిల్ల రాసినదాని సారాంశం ఇది: "మా మేనేజరు ఇచ్చిన మాట తప్పాడు. ఆటోమేషన్ పనిలోకి మారుస్తానని రెండేళ్లుగా చెబుతూ మార్చలేదు. ఎప్పుడూ రాత్రి షిఫ్టులే వేసి నా ఆరోగ్యం పాడుచేశారు. ఇక్కడ ఎదుగుదల లేదు."

ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. చెప్పినదాంట్లో అబద్ధమూ లేదు. ఆ రాత్రి షిఫ్టుల మూలంగా పిల్ల ఎలా చిక్కిపోయిందో కళ్లారా చూసినదాన్నే. అయినా, "ఇది పంపకు తల్లీ" అన్నాను.

పిల్ల ముఖం ముడుచుకుంది. "నిజం రాయకూడదా?" అంది.

రాయాలి. అబద్ధం రాయమని నేను చెప్పను. కాని ఆ గడి చదివేవాళ్లు దేనికోసం చదువుతారో ముందు తెలుసుకోవాలి కదా. కన్సల్టెన్సీలో వున్న అమ్మాయో అబ్బాయో మన కష్టం విచారించడానికి ఆ ప్రశ్న వేయలేదు. వాళ్లు తేల్చుకోవలసినవి రెండు సంగతులు. ఒకటి, ఈ మనిషి నిజంగా కదులుతుందా? మన దగ్గర నోటీసు గడువు రెండు నెలలు, మూడు నెలలు వుండే కంపెనీలు చాలా వున్నాయి. ఆ గడువులో పాత కంపెనీవాళ్లు జీతం పెంచితే అక్కడే వుండిపోయేవాళ్లున్నారు. అంచేత "జీతం కోసం" అని మాత్రమే రాసినవాళ్లని చూస్తే కన్సల్టెన్సీవాళ్లకి గుండెలో రాయి పడుతుంది. రెండోది, అక్కడ ఈ మనిషిని కదిలిస్తున్న కారణం కొత్తచోట కూడా వుందా? మా పిల్ల రాత్రి షిఫ్టులని తిట్టిపోసింది. ఆ కొత్త కంపెనీలో కూడా రాత్రి షిఫ్టు వుంటే? ఆ గడి దగ్గరే కాగితం పక్కకి వెళుతుంది.

పైగా ఆ మెయిల్ కన్సల్టెన్సీతో ఆగదు. అక్కడినుంచి కంపెనీ హెచ్.ఆర్.కి, వాళ్లనుంచి రేపు మనని ఇంటర్వ్యూ చేయబోయే మేనేజరుకి చేరవచ్చు. ఆయనా మేనేజరే! "మా మేనేజరు మాట తప్పాడు" అన్న వాక్యం చదివి ఆయన ఆ రెండో మేనేజరు పక్షం ఏమిటా అని ఆలోచిస్తాడేగాని, మన పక్షాన నిలబడడు. నోటితో అయితే ఒక మాట అని, ఎదటివాళ్ల ముఖం చూసి సర్దుకోవచ్చు. రాసిన మాటకి ఆ సదుపాయం లేదు.

ఇది నాకు అనుభవమైన సంగతే. ఇరవై ఏళ్ల కిందట ఒక ప్రైవేటు కళాశాలలో చేస్తూ, మరో కళాశాలకి దరఖాస్తు పెట్టాను. "ఇక్కడ భాషాశాఖని చిన్నచూపు చూస్తున్నారు" అని అందులో రాశాను. ఇంటర్వ్యూలో ఆ కరస్పాండెంటుగారు నా వాక్యం పైకి చదివి, "రేపు మమ్మల్ని గురించి ఏం రాస్తారమ్మా?" అని నవ్వుతూనే అడిగారు. నేను నోరు తెరవలేకపోయాను. ఆ ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదు.

ఇక మా పిల్ల ఉత్తరం సంగతి. తెలుగు పంతులమ్మని కనుక నాకు తెలిసిన విద్యతోనే దిద్దాను. "ప్రతి వాక్యంలోనూ కర్త ఎవరో చెప్పు" అన్నాను. మొదటి వాక్యంలో కర్త మేనేజరు. రెండోదానిలోనూ ఆయనే. మూడోదానిలో 'వాళ్లు'. నాలుగోదానిలో లేని ఎదుగుదల. నాలుగు వాక్యాల్లో ఒక్కచోటా 'నేను' అన్న కర్త లేదు! ఉద్యోగం అడుగుతున్నది తను. ఉత్తరం నిండా వున్నది ఇంకెవరో. ఫిర్యాదుకి ఇదే గుర్తు. కర్తని మార్చి, 'నేను' అనిగాని, 'పని' అనిగాని పెట్టి చూస్తే సగం నింద తనంతట తనే రాలిపోతుంది.

"మాట తప్పాడు" అన్నది తీర్పు. దాని కింద వున్న సంగతి ఏమిటి? ఆ ప్రాజెక్టులో కొత్తగా కట్టడం అయిపోయి, ఉన్నదాన్ని కనిపెట్టుకు వుండే దశకి వచ్చింది. ఆటోమేషన్ పని అక్కడ అట్టే లేదు. ఇది సంగతి. ఆ మేనేజరు చదివినా, అవునంటాడు. "ఎదుగుదల లేదు" అన్నదీ తీర్పే. దాని కింద? పిల్ల ఏడాదిగా సొంతంగా సెలీనియం నేర్చుకుని, తన టీములో నూట ఇరవై పరీక్షలకి స్క్రిప్టులు రాసింది. ఈ మాట మొదటి ఉత్తరంలో లేనే లేదు! కోపంలో పడి తన గొప్పే తను మరిచిపోయింది.

మరి రాత్రి షిఫ్టులు? అది ఫిర్యాదు కాదు, ఆమెకి కావలసిన షరతు. షరతుని కారణంలో కలిపి రాస్తే నిష్ఠూరంలా వినపడుతుంది. విడిగా ప్రశ్నగా అడిగితే మర్యాదగా వుంటుంది. దాచిపెట్టి, తీరా చేరాక అక్కడా రాత్రి షిఫ్టేనని తెలిస్తే నష్టం మనదే కనుక అడగవలసిందే. 'ఎప్పుడూ' అన్న మాటని మాత్రం కొట్టేయించాను. 'ఎప్పుడూ', 'ఎన్నడూ', 'ఎవరూ' అనే మాటలు వచ్చాయంటే అక్కడ కోపం కలం పట్టుకుందన్నమాట.

అన్నీ సర్దాక, ఆ గడిలో నిలిచినది ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. వాటి భావం ఇది:

"నాలుగున్నరేళ్లుగా ఈ సంస్థలో టెస్టింగ్ పని చేస్తున్నాను, బిల్లింగ్ అప్లికేషన్‌కి రిగ్రెషన్ పరీక్షల బాధ్యత ప్రస్తుతం నాది. గత ఏడాదిలో సెలీనియం నేర్చుకుని, సుమారు 120 పరీక్షలకు స్క్రిప్టులు రాశాను. నా ప్రాజెక్టు ఇప్పుడు సపోర్టు దశలో వున్నందువల్ల అందులో ఆటోమేషన్ పని పరిమితం. మీరు పంపిన ప్రకటనలో అదే ముఖ్యమైన పని కనుక ఈ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాను."

మెయిల్ అడుగున, పట్టికకి వెలుపల ఒక ప్రశ్న: "ఈ ఉద్యోగంలో పనివేళలు, షిఫ్టులు ఏవో దయచేసి తెలియజేయగలరు."

దీనిలో ఒక్క అబద్ధం లేదు, ఒక్క నింద లేదు. చివరి వాక్యం చూడండి. ముందరి మూడూ వెనక్కి చూస్తే, అది ముందుకు చూస్తోంది. అది లేకపోతే ఎందుకు వదులుతోందో తెలుస్తుందిగాని, ఇక్కడికే ఎందుకు రావాలనుకుంటోందో తెలియదు. అందుకని ఆ వాక్యం ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క విధంగా రాసుకోవాలి. ఒకే జవాబు అందరికీ అంటించడానికి వీలులేని చోటు అదే.

"ఇంత ఎందుకు? 'వ్యక్తిగత కారణాలు' అని రాసేస్తే పోలేదా?" అంది పిల్ల. ఆ మాట రాజీనామా పత్రంలో చెల్లుతుంది. ఇక్కడ రాస్తే ఏదో దాస్తున్నట్టే వుంటుంది. తరవాత ఫోనులో ఆ ప్రశ్నే మళ్లీ వేస్తారు. ఫోనులో అడిగినా ఆ నాలుగు వాక్యాలే చెప్పాలి. కాగితం మీద ఒక కారణం, నోట ఒక కారణం అయితే రెండూ నమ్మరు.

అయితే ఈ మర్యాదకి ఒక హద్దు వుంది. నింద మానడం వేరు, నిజం మార్చడం వేరు. ఉద్యోగం పోయినవాళ్లు "నేనే మానేశాను" అని రాయకూడదు. చేరేముందు పాత సంస్థను అడిగి, పనిచేసిన తేదీలు, హోదా సరిచూసుకునే ఆనవాయితీ వుంది. కొందరు మానేసిన కారణం కూడా అడుగుతారు. "సంస్థలో సిబ్బందిని తగ్గించినప్పుడు నా ఉద్యోగం పోయింది; ఫలానా తేదీ వరకు పనిచేశాను" అని రాస్తే అందులో సిగ్గుపడవలసింది లేదు, ఎవర్నీ తిట్టినట్టూ లేదు.

ఇంకొక మాట. పనిచేసే చోట ఆడపిల్లని ఎవరైనా వేధించినందువల్ల ఉద్యోగం మారవలసివస్తే, మెయిల్‌లో ఆ సంగతి రాయకపోవడమంటే వూరుకోవడమని అర్థం కాదు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం పదిమందిగాని, అంతకు మించిగాని పనిచేసే ప్రతి సంస్థలోనూ దానికోసం ఒక కమిటీ వుండాలి. జరిగిన మూడు నెలలలోపల ఆ కమిటీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అక్కడ కర్త ఎవరో, ఏ తేదీన ఏం చేశాడో పూర్తిగా రాయాలి సుమా! ఒక్క మాట మెత్తబరచకూడదు. ఏ సంగతి ఏ కాగితం మీద వుండాలో అక్కడ వుండాలి, అంతే.

అన్నీ అయ్యాక పిల్ల పంపబోతుంటే చూస్తును గదా, అది ఆఫీసువాళ్లిచ్చిన లాప్‌టాప్! అందులో పంపినవి ఆఫీసువాళ్లు చూసే అవకాశం వుంది. గబగబా ఆపించి, తన సొంత ఫోనులోంచి, సొంత ఐడీతో పంపించాను.

బుధవారం నాడు కన్సల్టెన్సీవాళ్లు ఫోను చేశారట. షిఫ్టు పగటిపూటేనట, నెలకొక వారం మాత్రం రాత్రి వుంటుందట. పిల్ల ఆలోచించుకుని సరేనంది. ఇది రాసేవేళకి ఒక ఇంటర్వ్యూ అయింది, ఇంకొకటి వుంది. ఏమవుతుందో చూడాలి.

ఆ మొదటి ఉత్తరం మాత్రం పిల్ల చెరిపేయలేదు. వాళ్లమ్మ దగ్గర కూచుని పైకి చదివి వినిపించిందట. మా అక్కయ్య అంతా విని, "ఇవన్నీ నాకు చెప్పుకోవలసిన మాటలే. వాళ్లకెందుకు పంపుతావు?" అని కూతురి తల నిమిరిందట. నేను గంటసేపు చెప్పినదాన్ని మా అక్కయ్య రెండు వాక్యాల్లో తేల్చేసింది.