మరిగిన పాలకు నురగ నిలవదు
కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్ కాఫీ హౌస్‌లో పాలు లేని ఇన్‌ఫ్యూజన్‌కు పేరుంది. అక్కడ నురగ నిలవని చిక్కు లేదు. ఆవిరితో పాలు కాచే కొత్త కెఫేల్లోనే, ముఖ్యంగా మే నెలలో, కాపచీనో పాడవుతోంది. పొగలు కక్కాలని మనం అడగడం ఒక కారణమైతే, పాలను ఫ్రిజ్ బయట ఉంచడం అంతకన్నా పెద్ద కారణమని నా అభిప్రాయం. ఆవిరి గొట్టం కొసను పాల పైమట్టానికి కాస్త కిందే ఉంచి, సన్నని బుస వినిపిస్తుండగా గాలి ఎక్కించాలి. జగ్గు చేతికి చల్లదనం పోయేసరికి, అంటే దాదాపు 37 డిగ్రీలకు, ఆ పని ముగియాలి. తర్వాత కొసను లోపలికి దించి పాలను సుడి తిప్పితే పెద్ద బుడగలు చితికి, నురగ తడి రంగులా నిగనిగలాడుతుంది. 4 డిగ్రీల దగ్గర మొదలైన పాలు ఇందుకు తగిన వ్యవధి ఇస్తాయి. గట్టు మీద 30 డిగ్రీలకు చేరిన పాలకు మిగిలేది ఏడు డిగ్రీలే. అందుకే ఆ తర్వాత కూడా గాలి ఎక్కిస్తూనే ఉంటారు, సబ్బు నురగ లాంటి బుడగలొస్తాయి. 60, మహా అయితే 65 డిగ్రీల దగ్గర ఆవిరి కట్టేయాలి. 70 దాటితే పాలలోని వే ప్రొటీన్లు విచ్చుకుని గంధకపు వాసన వదులుతాయి. పాలచక్కెర ఎక్కడికీ పోదు, కానీ ఆ కాగిన వాసన కింద తీపి నాలుకకు అందదు. చికోరీ కలిసిన చిక్కటి డికాక్షన్ మరిగిన పాలను మోయగలదు. కాపచీనోకు ఆ అండ లేదు.