మధ్యవర్తి ఏ కుర్చీలో కూర్చున్నారు?

మన భాషలో ఒక చిక్కుంది. మీడియేషన్‌నీ మధ్యవర్తిత్వం అంటాం, ఆర్బిట్రేషన్‌నీ మధ్యవర్తిత్వమే అంటాం. కన్సీలియేషన్ వస్తే రాజీ అని సరిపెట్టేస్తాం. కబుర్లలో అయితే ఫర్వాలేదు. వ్యాపారంలో గొడవ వచ్చినప్పుడు మాత్రం ఈ తికమక డబ్బుకీ, బంధుత్వానికీ రెండింటికీ ఎసరు పెడుతుంది. ఎందుకంటే మూడింటిలోనూ మధ్యన కూర్చునే మనిషి చేసే పని వేరు.

చీరలో, పచ్చళ్లో, నగలో ఇండియా నుంచి తెప్పించి అమ్ముకునే మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఆర్డర్ అంతా వాట్సాప్‌లోనే. గొడవ వస్తే ఊళ్లో ఉన్న బావగారో, పిన్నిగారి అల్లుడో "నేను మాట్లాడతాలే" అంటారు. ఆయన మాట్లాడి ఊరుకుంటారా, సలహా ఇస్తారా, తీర్పు చెబుతారా? అది ఎవరూ అడగరు. డబ్బు పంపే ముందే ఇది రాసుకోవాలన్నది నా మాట.

ఒక ఉదాహరణ కల్పించుకుని చూద్దాం. టెక్సస్‌లో ఇంటి నుంచే బొటిక్ నడిపే ఒకావిడ పోచంపల్లి వ్యాపారి దగ్గర 120 పట్టు చీరలు కొన్నారు. చీర 6,500 చొప్పున 7,80,000 రూపాయలు ముందే పంపేశారు. వచ్చినవాటిలో 45 చీరలకి రంగు దిగుతోంది. ఆ 45 ఖరీదు 2,92,500 వెనక్కి ఇమ్మంటారు ఈవిడ. "మీ కస్టమర్లు మెషీన్‌లో వేసి ఉంటారు, నాదేం తప్పు లేదు" అంటారు ఆయన.

మీడియేషన్‌కి వెళ్తే, మీడియేటర్ ఎవరిది తప్పో చెప్పరు. ఇద్దరితో కలిపీ మాట్లాడతారు, విడివిడిగానూ మాట్లాడతారు. విడిగా చెప్పింది మీరు ఒప్పుకుంటే తప్ప అవతలివాళ్లకి చేరవేయరు. అలా అడిగినప్పుడు అసలు సంగతులు బయటపడతాయి. ఈవిడకి కావలసింది డబ్బుకన్నా శ్రావణమాసానికి సరుకు. ఆయన డబ్బంతా నూలు మీద పెట్టేశారు, ఇప్పుడు చేతిలో రొక్కం లేదు. శ్రావణానికి ముందే కొన్ని కొత్త చీరలు, మిగతాది తర్వాత ఆర్డర్‌లో తగ్గింపు అని ఇద్దరే ఒప్పందానికి వస్తారు. ఇలాంటి పరిష్కారం ఏ జడ్జీ తనంతట ఇవ్వలేరు. ఇకముందూ కలిసి వ్యాపారం చేయాలనుకునేవాళ్లకీ, భాగస్వాములుగా ఉన్న స్నేహితురాళ్లకీ ఇదే మేలు.

కన్సీలియేషన్‌లో కూడా ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టమే. అయితే ఇక్కడ మధ్యన ఉన్నవారు ఒక అడుగు ముందుకేసి "ఇలా తేల్చుకోండి" అని తమ ప్రతిపాదన పెట్టవచ్చు. ఇండియాలో 1996 నాటి ఆర్బిట్రేషన్ అండ్ కన్సీలియేషన్ చట్టం ఆ వీలు ఇచ్చింది. 2023లో వచ్చిన మీడియేషన్ చట్టం మీడియేషన్ అనే మాటలోనే కన్సీలియేషన్‌నీ కలిపేసింది. అందుకని పేరు పట్టుకుని వేలాడకుండా "మీరు ప్రతిపాదన పెడతారా, పెట్టరా?" అని ముందే అడిగేయండి.

గొడవ సరుకు నాణ్యత గురించి అయితే నాకు ఈ దారే నచ్చుతుంది, ఆ కూర్చునేవారికి ఆ పని తెలిసుండాలి అంతే. అద్దకం తెలిసినవారైతే అమ్మకుండా మడతల్లోనే ఉన్న చీరలు తీయించి, తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూస్తారు. ఒక్కసారీ ఉతకని చీర కూడా గుడ్డకి రంగు అంటిస్తే మెషీన్ మాట చెల్లదు. మన 45లో ఎర్ర అంచువి 28, అవన్నీ ఉతక్కుండానే రంగు దిగాయనుకుందాం. మిగతా 17 అన్నీ అమ్మేసినవే, ఉతికాకే పాడయ్యాయి, కారణం తేలలేదు. అప్పుడాయన 28కి పూర్తి ఖరీదు 1,82,000, 17కి సగం 55,250, మొత్తం 2,37,250 ఇమ్మని ప్రతిపాదిస్తారు. లెక్క కళ్ల ముందు ఉంటుంది కాబట్టి ఒప్పుకోవడం తేలిక. వద్దనుకుంటే వద్దనవచ్చు.

ఆర్బిట్రేషన్ ఈ రెండింటిలాంటిది కాదు. ఆర్బిట్రేటర్ బిల్లులు, మెసేజ్‌లు, సాక్ష్యం చూసి తీర్పు రాస్తారు. దాన్ని అవార్డు అంటారు. నచ్చినా నచ్చకపోయినా కట్టుబడాలి. మళ్లీ మొదటి నుంచి విచారించమని కోర్టుకెళ్తే కుదరదు, కోర్టు జోక్యానికి కారణాలు చాలా తక్కువ. ఇద్దరి రాతపూర్వక ఒప్పందం లేనిదే ఇది మొదలే కాదు.

ఫోన్ ఎత్తడం మానేసినవాళ్లతో మీడియేషన్ చేయలేం. అక్కడ ఆర్బిట్రేషన్ పనికొస్తుంది, దేశాలు వేరైనప్పుడు మరీ. టెక్సస్‌లో 20,000 డాలర్ల లోపు దావా జస్టిస్ కోర్టులో వేయవచ్చు. గెలిచినా, అమెరికా కోర్టు డిక్రీని ఇండియాలో నేరుగా అమలు చేయించలేరు, దాన్ని పట్టుకుని అక్కడ కొత్తగా దావా వేయాలి. బ్రిటన్, ఎమిరేట్స్‌లలో ఇండియా గుర్తించిన కోర్టుల డిక్రీలకి ఈ ఇబ్బంది లేదు. అమెరికాలో ఇచ్చిన ఆర్బిట్రేషన్ అవార్డుని మాత్రం 1958 నాటి న్యూయార్క్ ఒప్పందం కింద ఇండియాలో హైకోర్టు ద్వారా అమలు చేయించుకోవచ్చు.

ఖర్చు కూడా చూసుకోవాలి. ఇండియా చట్టంలోని నమూనా పట్టిక ప్రకారం 5 లక్షల లోపు వివాదానికి ఆర్బిట్రేటర్ ఫీజు 45,000, ఒక్కరే ఉంటే దానిపై పాతిక శాతం అదనం, అంటే 56,250. ఒక పక్షం విదేశంలో ఉంటే ఆ పట్టిక వర్తించదు, ఫీజు మాట్లాడుకోవాల్సిందే. 2,92,500 కోసం అంత పెట్టడం దండగ అనిపిస్తే ముందు రెండు దారులే గట్టిగా ప్రయత్నించండి.

ఇంకో ఉచ్చు ఉంది. "గొడవ వస్తే ఆర్బిట్రేషన్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. ఆర్బిట్రేటర్ ఎవరన్న దగ్గర పేచీ వస్తే, ఒకరు విదేశంలో ఉన్న వ్యాపార వివాదానికి ఇండియా చట్టం ప్రకారం సుప్రీంకోర్టుకే వెళ్లి నియమించమని అడగాలి. మూడు లక్షల చీరల కోసం ఢిల్లీకా! కాబట్టి ఎవరు నియమిస్తారో, ఏ ఊళ్లో, ఏ భాషలో జరగాలో రాయండి. హైదరాబాద్‌లో 2021 డిసెంబర్‌లో మొదలైన అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రంలాంటి సంస్థ పేరు రాసుకోవచ్చు, ఫీజులు కనుక్కుని మరీ.

నేనైతే ఒప్పందంలో ఇలా రాయమంటాను: ముందు 30 రోజులు మీడియేషన్, సరుకు నాణ్యత గొడవైతే ఆ పని తెలిసినవారి ప్రతిపాదనతో సహా. అప్పటికీ తేలకపోతే ఒకే ఆర్బిట్రేటర్. రెండు కుర్చీల్లోనూ ఒకే మనిషి వద్దు. మీడియేటర్ అని నమ్మి "రెండు లక్షలకైనా సరే" అని చెవిలో చెప్పాక, రేపు ఆయనే తీర్పరి అయితే మీ గతేం కాను? ఆర్బిట్రేషన్ నడుస్తుండగా రాజీ కుదిరితే దాన్నే అవార్డుగా రాసిమ్మని అడగండి. అప్పుడు మాట తప్పినా అమలు చేయించుకోవచ్చు.

ఊళ్లో ఉన్న అన్నయ్యలకీ, బావగార్లకీ కూడా ఒక మనవి. సాయం చేయాలని ముందుకొస్తున్నారు, సంతోషం. మాట్లాడించి మా నిర్ణయం మాకే వదిలేస్తే మీరు కావలసినవాళ్లే మాకు. తీర్పు చెప్పే కుర్చీ మాత్రం ఇద్దరికీ ఏమీ కాని మనిషికి వదిలేయండి.